‘ఆరు నెలల్లో పర్మనెంట్’ అన్న మాట వెనుక

రాయదుర్గం మెట్రో స్టేషన్‌లో దిగి ఐటీ పార్కుల వైపు నడిచేవాళ్ల మెడలో ఐడీ కార్డుల తాళ్లను గమనిస్తే, చాలా కంపెనీలకు అవి రెండు రంగుల్లో కనిపిస్తాయి. ఒకటి కంపెనీ సొంత ఉద్యోగులది, రెండోది కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లది. ఇద్దరూ ఒకే టీమ్‌లో పక్కపక్కనే కూర్చుంటారు, ఒకే మేనేజర్‌కు రిపోర్టు చేస్తారు. కానీ రెండో రంగు తాడు వేసుకున్న మనిషికి జీతం ఇచ్చేది, పీఎఫ్ కట్టేది, పే స్లిప్ ఇచ్చేది ఆ కంపెనీ కాదు, మధ్యలో ఉన్న స్టాఫింగ్ ఏజెన్సీ. ఐటీ భాషలో ఆ ఏజెన్సీ వెండర్, పని చేయించుకునే కంపెనీ క్లయింట్. ఈ ఏర్పాటునే థర్డ్ పార్టీ పేరోల్ అంటారు.

అందులోనే ‘కాంట్రాక్ట్ టు హైర్’ అని ఒక రకం ఉంది. వాడుకలో సీ టు హెచ్. కొన్నాళ్లు వెండర్ పేరోల్‌లో పనిచేశాక, పని నచ్చితే క్లయింట్ తన సొంత ఉద్యోగిగా తీసుకుంటుంది. అలా మారడం కన్వర్షన్. నౌకరీలో రెజ్యూమె చూసి ఫోన్ చేసే రిక్రూటర్ నోట మొదటి నిమిషంలోనే వచ్చే మాట ఒకటుంది. “సీ టు హెచ్ పొజిషన్ అండి, ఆరు నెలల్లో పర్మనెంట్ అయిపోతుంది.” ఆ మాట నమ్మి, చేతిలో ఉన్న ఉద్యోగం వదిలి, కుటుంబాన్ని హైదరాబాద్‌కు మార్చేవాళ్లున్నారు. ఆరు నెలలు ఏడాదవుతుంది, ఏడాది రెండేళ్లవుతుంది. అడిగితే “ఈ క్వార్టర్‌లో కష్టం, నెక్స్ట్ క్వార్టర్ చూద్దాం” అంటారు.

అక్కడ ఎవరో అబద్ధం చెప్పారని కాదు. చాలాసార్లు ఎవరూ అబద్ధం చెప్పరు. అడిగిన ప్రశ్నే సరైనది కాదు, అడిగిన మనిషి జవాబు తెలిసిన మనిషి కాదు. “పర్మనెంట్ అవుతుందా?” అని అడిగితే “బాగా పనిచేస్తే అవుతుంది” అనే జవాబు తప్ప ఇంకోటి రాదు. దాంతో ఏమీ తేలదు. కన్వర్షన్ నిజంగా వేటి మీద ఆధారపడుతుందో తెలిస్తే, ఇంటర్వ్యూ అయ్యాక మనం అడిగే ప్రశ్న మారిపోతుంది. పనితీరు అవసరమే. అయితే దానికన్నా ముందు మూడు గడియారాలు నడుస్తుంటాయి. మొదటిది క్లయింట్ బడ్జెట్‌ది, రెండోది వెండర్‌తో ఉన్న ఒప్పందానిది, మూడోది కాంట్రాక్టు ఉద్యోగిని ఎంతకాలం ఉంచుకోవచ్చన్న కంపెనీ నియమానిది.

బడ్జెట్‌తోనే మొదలుపెడదాం, ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే కాబట్టి. పెద్ద కంపెనీలో మేనేజర్‌కు మనిషి నచ్చినంత మాత్రాన ఉద్యోగం పుట్టదు. ఆ టీమ్‌కు ఈ ఏడాది ఇంతమంది సొంత ఉద్యోగులు అని ఫైనాన్స్ విభాగం ముందే ఒప్పుకున్న సంఖ్య ఉంటుంది. దాన్ని హెడ్‌కౌంట్ అంటారు. కాంట్రాక్టు మనుషులు సాధారణంగా ఆ లెక్కలోకి రారు, వాళ్ల ఖర్చు వేరే పద్దులో, ప్రాజెక్టు ఖర్చుగానో వెండర్ సేవల ఖర్చుగానో ఉంటుంది. కన్వర్షన్ అంటే ఒక మనిషిని ఒక పద్దులోంచి ఇంకో పద్దులోకి మార్చడం. రెండో పద్దులో ఖాళీ సీటు ఉండాలి. మేనేజర్ మనస్ఫూర్తిగా “మిమ్మల్ని తీసుకుంటాం” అన్నా, ఆ సీటు లేకపోతే ఆయన చేతిలో ఏమీ ఉండదు.

ఇది ఎలా నడుస్తుందో ఒక లెక్క వేసి చూద్దాం. ఖమ్మం నుంచి వచ్చి కొండాపూర్ హాస్టల్‌లో ఉంటున్న ఒక టెస్ట్ ఇంజినీర్ అనుకుందాం, నాలుగేళ్ల అనుభవం. ఆగస్టు మధ్యలో ఇంటర్వ్యూ అయింది. క్లయింట్ ఒక అమెరికన్ కంపెనీకి చెందిన హైదరాబాద్ సెంటర్. సెప్టెంబర్ 1న చేరాలి, కాంట్రాక్టు 12 నెలలు, అంటే మరుసటి ఏడాది ఆగస్టు 31 దాకా. ఆరు నెలలు దాటాక కన్వర్షన్ అని రిక్రూటర్ చెప్పారు. ఆమె మనసులో వేసుకున్న తేదీ మార్చి.

ఇప్పుడు క్లయింట్ క్యాలెండర్ చూడండి. మన దగ్గర ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి. చాలా అమెరికన్ కంపెనీలకు జనవరి నుంచి డిసెంబర్. ఇంకొన్నిటికి జులైలోనో అక్టోబర్‌లోనో మొదలవుతుంది. ఈ కంపెనీది జనవరి నుంచి డిసెంబర్ అనుకుంటే, వచ్చే ఏడాదికి ఎంతమంది కావాలో మేనేజర్లు సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో రాసి పంపుతారు. అంటే ఆమె చేరిన మొదటి ఒకటి రెండు నెలల్లోనే. ఇంకా ఆమె పని ఎలా ఉంటుందో మేనేజర్‌కు సరిగ్గా తెలియని సమయం అది. అప్పుడు ఆయన ‘ఈ సీటు పర్మనెంట్‌గా మార్చాలి’ అని ఒక వరుస రాస్తే, జనవరిలో సీటు మంజూరవుతుంది. మార్చి 1కి ఆరు నెలలు నిండుతాయి. ఆ తర్వాత లోపలి ఇంటర్వ్యూ, జీతం ఖరారు, ఆఫర్ లెటర్, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ కలిపి ఒకటి రెండు నెలలు వేసుకుందాం. ఏప్రిల్‌లోనో మేలోనో ఆమె క్లయింట్ ఉద్యోగి అవుతుంది. ఆరు నెలలన్నది ఎనిమిదో తొమ్మిదో నెలలయింది, పరవాలేదు.

మేనేజర్ ఆ వరుస రాయకపోతే? మార్చిలో ఆమె వెళ్లి అడుగుతుంది. పని బ్రహ్మాండంగా ఉంది, అందరూ మెచ్చుకుంటున్నారు, సీటు మాత్రం లేదు. మళ్లీ రాసేది సెప్టెంబర్, అక్టోబర్‌లలో. మంజూరయ్యేది ఆ పై జనవరిలో. ఆమె కాంట్రాక్టు ఆగస్టు 31తోనే అయిపోతుంది. ఆగస్టుకూ జనవరికీ మధ్య నాలుగు నెలలు ఎక్స్‌టెన్షన్ మీద గడవాలి. అదీ దొరికితేనే. మధ్యలో ఎవరైనా పర్మనెంట్ ఉద్యోగి రాజీనామా చేస్తే ఆ సీటు ఈమెకు రావచ్చు, దాన్ని బ్యాక్‌ఫిల్ అంటారు. కంపెనీ హైరింగ్ ఆపేసిన ఏడాది ఆ బ్యాక్‌ఫిల్ కూడా రద్దవుతుంది. అంటే ఆరు నెలలన్న మాట తొమ్మిది నెలలుగానూ తేలవచ్చు, పదిహేడు పద్దెనిమిది నెలలుగానూ తేలవచ్చు. ఏది అవుతుందో నిర్ణయించేది సెప్టెంబర్‌లో రాసిన, లేదా రాయని, ఆ ఒక్క వరుస. ఆగస్టులో ఇంటర్వ్యూ అయిన మనిషి అడగాల్సిన ప్రశ్న అందుకే ఇలా ఉండాలి: “ఈ పొజిషన్‌కు పర్మనెంట్ హెడ్‌కౌంట్ ఇప్పటికే మంజూరై ఉందా, లేక వచ్చే ఏడాది ప్లాన్‌లో అడగబోతున్నారా?” రెండూ కాదంటే కన్వర్షన్ అన్నది ప్రస్తుతానికి ఒక ఆశ మాత్రమే.

రెండో గడియారం వెండర్‌ది. క్లయింట్ వెండర్‌కు నెలకు ఇచ్చే మొత్తం వేరు, వెండర్ మనకు ఇచ్చేది వేరు. మొదటిది బిల్ రేటు, రెండోది పే రేటు, మధ్యలోది వెండర్ మార్జిన్. మనం క్లయింట్ పేరోల్‌కు మారిన రోజు ఆ మార్జిన్ ఆగిపోతుంది. అందుకే వెండర్లు క్లయింట్‌తో ఒప్పందంలో ఒక షరతు పెట్టుకుంటారు: ఇన్ని నెలల లోపు మా మనిషిని తీసుకుంటే ఇంత ఫీజు ఇవ్వాలి, ఆ తర్వాత అయితే ఫీజు లేదు. ఫీజు ఎంతన్నది ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. మన దేశంలో నేరుగా మనుషుల్ని వెతికి ఇచ్చే ఏజెన్సీలు ఏడాది సీటీసీలో 8.33 శాతం, అంటే ఒక నెల మొత్తం, తీసుకోవడం చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క. దాన్నిబట్టి ఈ ఫీజు ఏ స్థాయిలో ఉంటుందో ఊహించుకోవచ్చు. ఏడాదికి 10 లక్షల సీటీసీ అయితే అది సుమారు 83,000 రూపాయలు. పెద్ద కంపెనీకి ఇది పెద్ద మొత్తమేమీ కాదు. కానీ మూడు నెలలు ఆగితే సున్నా అవుతుందంటే ఏ ఫైనాన్స్ విభాగమైనా ఆగుతుంది. రిక్రూటర్ చెప్పే ‘ఆరు నెలలు’ చాలాసార్లు ఈ ఫీజు గడువే. ఆ గడువు దాటాక తీసుకోవచ్చు అన్నది ఆ సంఖ్య అర్థం. తీసుకుంటారని కాదు. వినేవాళ్లు రెండో అర్థమే చేసుకుంటారు, అక్కడే అపోహ మొదలవుతుంది.

వెండర్ ఇచ్చే అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఇంకో షరతు కూడా తరచుగా కనిపిస్తుంది. కాంట్రాక్టు ముగిశాక కూడా ఇన్ని నెలల దాకా క్లయింట్ దగ్గర నేరుగా చేరకూడదని. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం మనిషి న్యాయంగా చేసుకునే వృత్తిని అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. అయితే కోర్టులో చెల్లదన్నది మన నిత్య జీవితంలో పెద్దగా పనికిరాదు, ఎందుకంటే వెండర్‌తో తగవు పెట్టుకోవడం క్లయింట్‌కే ఇష్టం ఉండదు. కాబట్టి సంతకం పెట్టకముందే రిక్రూటర్‌ను సూటిగా అడగాలి: “క్లయింట్ నన్ను తీసుకోదలిస్తే మీ నుంచి ఎన్ని నెలల షరతు ఉంది? అది దాటాక మీ అనుమతి లెటర్ ఏమైనా కావాలా?” హెడ్‌కౌంట్ సంగతి ఆయనకు తెలియకపోవచ్చు, ఇది మాత్రం ఆయన కంపెనీకి తెలిసిన విషయమే. అడిగి చెప్పగలరు.

మూడో గడియారం చాలామందికి తెలియనే తెలియదు. దాని వెనుక ఒక పెద్ద కథ ఉంది. అమెరికాలో మైక్రోసాఫ్ట్ 1980లలో చాలామందిని ఫ్రీలాన్సర్లుగా పెట్టుకుని ఏళ్ల తరబడి పనిచేయించుకుంది. వీళ్లు నిజానికి ఉద్యోగులేనని అక్కడి పన్నుల శాఖ తేల్చింది. దాని మీద ఆ పనివాళ్లు కంపెనీ ప్రయోజనాల్లో తమకూ వాటా కావాలని 1992లో దావా వేశారు. విజ్‌కైనో కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యాన్ని 2000 డిసెంబర్‌లో 9.7 కోట్ల డాలర్లకు రాజీ చేసుకున్నారు. ‘పర్మా టెంప్స్’ అని అక్కడి పత్రికలు వాళ్లకు పేరు పెట్టాయి. ఆ కేసు కాలంలోనే మైక్రోసాఫ్ట్ తాత్కాలిక ఉద్యోగులకు 365 రోజుల పరిమితి, ఆ తర్వాత 100 రోజుల విరామం అన్న నియమం తెచ్చింది. 2014లో దాన్ని 18 నెలల పని, 6 నెలల విరామంగా మార్చింది. కాంట్రాక్టు మనిషిని ఎక్కువకాలం ఉంచుకుంటే సొంత ఉద్యోగేనని కోర్టు అనవచ్చన్న భయంతో మరికొన్ని కంపెనీలూ ఇలాంటి గడువులు పెట్టుకున్నాయి. ఆ కంపెనీల విదేశీ సెంటర్లలోనూ అలాంటి నియమం ఉండే అవకాశముంది.

కాబట్టి క్లయింట్‌కు ఇలాంటి గరిష్ఠ గడువు ఉందా అన్నది తప్పక అడగదగిన ప్రశ్న. ఉంటే దానికి రెండు వైపులా పదునే. 18 నెలలకు మించి ఉంచుకోలేరని తెలిసిన మేనేజర్, వదులుకోవడం ఇష్టం లేని మనిషి కోసం ముందే సీటు అడిగి పెట్టుకుంటాడు. సీటు రాకపోతే ఎంత మంచి పనివాడైనా గడువు రోజున సిస్టమ్ యాక్సెస్ ఆగిపోతుంది, ఎక్స్‌టెన్షన్ అన్న మాటే ఉండదు. పై ఉదాహరణలో పదిహేడు పద్దెనిమిది నెలలకు తేలే కన్వర్షన్ 18 నెలల గడువున్న కంపెనీలో అంచు మీద నిలబడుతుంది. 12 నెలల గడువున్న కంపెనీలో అసలు జరగదు.

చట్టమే పర్మనెంట్ చేస్తుందన్న నమ్మకం మీద ఎవరూ ఆధారపడకూడదు. ‘240 రోజులు పనిచేస్తే పర్మనెంట్’ అన్న మాట మన దగ్గర ఇంటింటా వినిపిస్తుంది. 2025 దాకా అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 240 రోజులన్నది ఏడాది నిరంతర సర్వీసు లెక్కగట్టడానికి, దాన్నిబట్టి తొలగింపు నోటీసు, పరిహారం వంటి హక్కులు రావడానికి పెట్టిన కొలత. వెండర్ ఉద్యోగిని క్లయింట్ ఉద్యోగిగా మార్చే మంత్రం అందులో ఉండేది కాదు. అలాగే 2025 దాకా అమల్లో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం కింద ఏదైనా పనిలో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించినా, ఆ కార్మికులు తమంతట తాము కంపెనీ ఉద్యోగులైపోరని 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మధ్యవర్తి కేవలం పేరుకే ఉన్నాడని నిరూపిస్తే సంగతి వేరు. అది ఏళ్లు పట్టే పోరాటం. ఇంటర్వ్యూ అయి వచ్చిన మనిషికి ఉపయోగపడేది చట్టం కంటే ఒక చక్కటి ప్రశ్న.

ఆ ప్రశ్న ఎప్పుడు అడగాలి? ఇంటర్వ్యూలోనే, పని గురించి మాటలు పూర్తికాకముందే అడిగితే, ఈ మనిషికి మా పని మీద కన్నా పేరోల్ మీద దృష్టి ఎక్కువ అనుకునే మేనేజర్లు ఉంటారు. చేరిన తర్వాత అడిగితే, అప్పటికే మన చేతిలోని బేరం పోయింది. ఈ రెండిటి మధ్య ఉన్న రోజులే సరైనవి. సెలెక్ట్ అయ్యారని ఫోన్ వచ్చి, ఆఫర్ లెటర్ మీద ఇంకా సంతకం పెట్టని రోజులవి. అప్పటికి వాళ్లు మనల్ని కోరుకుంటున్నట్టు తేలిపోయింది. ఇంకో మనిషిని వెతకడానికి వాళ్లకు వారాలు పడుతుంది. ఫలితం ఇంకా రాకపోతే ఒక చిన్న ప్రశ్నతో సరిపెట్టుకుని, మిగతావి ఆ రోజుకు దాచుకోవడం మంచిది.

ఎవరిని అడగాలన్నది కొంచెం సున్నితం. మధ్యలో వెండర్ ఉంటాడు. క్లయింట్ మేనేజర్ మెయిల్ ఐడీ మన దగ్గర ఉండదు. లింక్డ్‌ఇన్‌లో వెతికి నేరుగా మెసేజ్ పెడితే రిక్రూటర్ నొచ్చుకుంటారు, కొన్ని క్లయింట్లు దాన్ని నియమ ఉల్లంఘనగా చూస్తాయి. అందుకని దారి రిక్రూటర్ గుండానే. అయితే ఆయన అభిప్రాయం అడగకూడదు, మన ప్రశ్నను మేనేజర్ దాకా చేర్చమని అడగాలి. సాధారణంగా ఆ ఫోన్ ఇలా నడుస్తుంది.

“మేడమ్, మీరు సెలెక్ట్ అయ్యారండి. ఎప్పుడు జాయిన్ అవుతారో చెప్తే లెటర్ రిలీజ్ చేస్తాం.”

“చాలా సంతోషమండి. రోల్ నాకు నచ్చింది. లెటర్‌కు ముందు ఒక విషయం తెలుసుకోవాలండి. పర్మనెంట్ గురించి మీరు మొదట చెప్పారు కదా, దాని గురించి.”

“అది పక్కా మేడమ్. ఆరు నెలల్లో అందరినీ కన్వర్ట్ చేస్తారు. మీరు టెన్షన్ పడొద్దు.”

“మంచిదండి. ఇదే టీమ్‌లో మీ ద్వారా వెళ్లినవాళ్లలో చివరిసారి కన్వర్ట్ అయింది ఎప్పుడండి? చేరిన ఎన్ని నెలలకు అయ్యారు?”

“ఈ టీమ్ అంటే... కనుక్కుని చెప్పాలి మేడమ్. క్లయింట్‌లో అయితే చాలామంది అయ్యారు.”

“సరేనండి, కనుక్కోండి. అలాగే మేనేజర్ గారితో పది నిమిషాల కాల్ ఏర్పాటు చేయగలరా? వీలు కాకపోతే నేనొక మెయిల్ పంపుతాను, అది ఆయనకు ఫార్వర్డ్ చేసి జవాబు తెప్పించండి. వచ్చిన వెంటనే జాయినింగ్ తేదీ చెప్పేస్తానండి.”

ఈ మాటల్లో గమనించాల్సినది ఒకటే. ఆమె ఎక్కడా “పర్మనెంట్ చేస్తేనే వస్తాను” అనలేదు. జరిగిపోయిన సంగతి అడిగింది. జరగబోయేది గురించి ఎవరైనా ఎంతైనా చెప్పగలరు. చివరి కన్వర్షన్ ఎప్పుడు జరిగిందన్నదానికి మాత్రం ఒక నెల, ఒక సంవత్సరం చెప్పాల్సి వస్తుంది. ‘చాలామంది’ అన్న మాట దగ్గర ఆగిపోతే, ఈ టీమ్‌లో ఇటీవల ఎవరూ కాలేదని అనుకుని ముందుకు నడవడమే క్షేమం.

ఇక ఆ మెయిల్. ఆఫీసు వ్యవహారం కాబట్టి అది ఇంగ్లిష్‌లోనే వెళ్తుంది, సారం మాత్రం ఇదీ: ‘ఇంటర్వ్యూలో మీరు వివరించిన పని నాకు నచ్చింది, చేరడానికి ఆసక్తిగా ఉన్నాను. దీర్ఘకాలం ఇక్కడే పనిచేయాలన్న ఆలోచనతో రెండు విషయాలు అడుగుతున్నాను. ఈ స్థానానికి పర్మనెంట్ హెడ్‌కౌంట్ మంజూరై ఉందా, లేకపోతే ఏ బడ్జెట్‌లో అడిగే అవకాశం ఉంది? కాంట్రాక్టు ఉద్యోగుల కన్వర్షన్‌ను మీ టీమ్‌లో సాధారణంగా ఎన్ని నెలలకు పరిశీలిస్తారు, అంతకు మించి ఉంచకూడదన్న గడువేమైనా ఉందా?’ అంతే. ఇంతకన్నా పొడుగైతే జవాబు రాదు. జీతం, లెవల్, సెలవుల సంగతి ఇందులో కలపకూడదు, అవి రిక్రూటర్‌తో తేల్చుకోవాల్సినవి.

కాల్‌లో జవాబు వస్తే, ఆ సాయంత్రమే రిక్రూటర్‌కు రెండు వాక్యాల మెయిల్ పెట్టాలి: ‘మేనేజర్ గారు చెప్పిన ప్రకారం నేను అర్థం చేసుకున్నది ఇది, తప్పుంటే సరిచేయండి.’ ఇది హామీ పత్రం కాదు, దాన్ని పట్టుకుని ఎవరినీ నిలదీయలేం. ప్రయోజనం వేరే ఉంది. ఐటీ సెంటర్లలో మేనేజర్లు తరచుగా మారుతుంటారు. ఎనిమిది నెలల తర్వాత వచ్చిన కొత్త మేనేజర్‌కు పాత మేనేజర్ నోటిమాట తెలియదు. ‘అక్టోబర్ ప్లాన్‌లో అడుగుతామని ఆగస్టులో అనుకున్నాం’ అన్న మెయిల్ చూపిస్తే సంభాషణ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు.

వచ్చిన జవాబును ఎలా చదవాలి? నా దృష్టిలో అన్నిటికన్నా మంచి జవాబు “సీటు ఇంకా లేదు, అక్టోబర్‌లో అడుగుతాను, పోయిన ఏడాది ఇద్దరికి అడిగితే ఒక్కరికి వచ్చింది” లాంటిది. వినడానికి నిరాశగా ఉంటుంది కానీ, ఆ మాట చెప్పే మనిషికి తన సంస్థ ఎలా నడుస్తుందో తెలుసు, మనకు నిజం చెబుతున్నాడు. దాని మీద మనం లెక్క వేసుకోవచ్చు. “హెడ్‌కౌంట్ ఉంది, కాంట్రాక్టు కేవలం పరీక్షా కాలం” అని వస్తే మరీ మంచిది. అప్పుడు అడగాల్సింది, సీటు ఉండగా నేరుగా ఎందుకు తీసుకోవడం లేదని కాదు, ఆ సీటు ఈ ఏడాది చివరిలో రద్దయ్యే అవకాశం ఉందా అని. భర్తీ కాని సీట్లను కంపెనీలు సంవత్సరాంతంలో వెనక్కి తీసుకోవడం మామూలే. ఆరు నెలల తర్వాత కన్వర్షన్ అని పెట్టుకున్న మంజూరైన సీటు, మధ్యలో సంవత్సరం మారేసరికి మాయమైపోవచ్చు. ఇక “పర్‌ఫార్మెన్స్ బట్టి, బిజినెస్ బట్టి చూస్తాం” అని మాత్రమే వస్తే, ఒక్కసారి మర్యాదగా “ఏ నెలలో చూస్తారండి?” అని అడగాలి. నెల పేరు రాకపోతే కన్వర్షన్ లేదనుకునే నిర్ణయం తీసుకోవాలి.

లేదనుకోవడం అంటే చేరకూడదని కాదు. 12 నెలల పని, ఇంత జీతం, ఇది నేర్చుకుంటాను, ఈ పేరు రెజ్యూమెలోకి వస్తుంది. ఇంతవరకే అయితే ఈ ఉద్యోగం నాకు లాభమా కాదా అని విడిగా తూచుకోవాలి. కన్వర్షన్ ఆశ చూపించి జీతం తగ్గించే వెండర్లు ఉంటారు: “పర్మనెంట్ అయ్యాక ఎలాగూ పెరుగుతుంది కదండి.” నెల పేరు చెప్పలేని కన్వర్షన్‌కు నెలనెలా మన జీతంలోంచి కోత పెట్టించుకోనక్కర్లేదు. అలాగే కన్వర్షన్ సంగతి తేలకపోయినా, ఎక్స్‌టెన్షన్ సంగతి తేల్చుకోవచ్చు. ఆగస్టు 31న ముగిసే కాంట్రాక్టుకు, కొనసాగిస్తారో లేదో జులై మధ్యలోపు చెప్పాలని అడగడం సమంజసమే. చాలాచోట్ల ఎక్స్‌టెన్షన్ కాగితం చివరి వారంలో వస్తుంది, అప్పటికి మనిషి ఇంకో ఉద్యోగం వెతుక్కునే వీలుండదు.

చేరాక మళ్లీ ఎప్పుడు అడగాలన్నది ఇప్పుడు తేలికే. ఖమ్మం ఇంజినీర్ విషయంలో ఆరో నెల దాకా ఆగడం పొరపాటు. సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్ మొదట్లోనో, ప్లాన్ రాసే సమయానికి, వన్ ఆన్ వన్ మీటింగ్‌లో అడగాలి: “వచ్చే ఏడాది ప్లాన్‌లో నా స్థానాన్ని పెట్టే ఆలోచన ఉందా సార్?” చేరి నెలే అయిందని మొహమాటపడితే ఏడాది పోతుంది. క్లయింట్‌ది ఏప్రిల్-మార్చి లెక్క అయితే ఈ మాట జనవరికి జరుగుతుంది.

కన్వర్షన్ నిజంగా వచ్చిన రోజున కూడా అడగాల్సినవి కొన్ని మిగులుతాయి. చాలామంది ఆ సంతోషంలో వదిలేస్తారు. కాగితం మీద అది కొత్త ఉద్యోగం. వెండర్ దగ్గర రాజీనామా, రిలీవింగ్ లెటర్, క్లయింట్ దగ్గర కొత్త చేరిక. చేరిన తేదీ ఆ రోజే మొదలవుతుంది కాబట్టి, గ్రాట్యుటీ సర్వీసులో వెండర్ దగ్గర గడిపిన నెలలు సాధారణంగా కలవవు. కొన్నిచోట్ల మళ్లీ ప్రొబేషన్ ఉంటుంది. పీఎఫ్‌కు పాత యూఏఎన్ నంబరే ఇవ్వాలి, లేకపోతే రెండు ఖాతాలు పుట్టి బదిలీకి తిరగాల్సి వస్తుంది. జీతం కూడా కాంట్రాక్టు జీతం మీద కాకుండా క్లయింట్ లెవల్ పట్టిక మీద నిర్ణయమవుతుంది, కొందరికి చేతికొచ్చేది తగ్గుతుంది కూడా. ఏ లెవల్‌లో తీసుకుంటారన్నది ఆఫర్‌కు ముందే తేల్చుకోవాలి.

అన్నిటికన్నా ఇంట్లోవాళ్లను తాకేది ఆరోగ్య బీమా. వెండర్ గ్రూప్ పాలసీ సాధారణంగా చివరి పనిదినంతో ముగుస్తుంది, క్లయింట్‌ది చేరిన రోజున మొదలవుతుంది. శుక్రవారం రిలీవ్ అయి తర్వాతి వారం మధ్యలో చేరితే, ఆ మధ్య రోజుల్లో ఆసుపత్రి ఖర్చు పూర్తిగా మనదే. అమ్మానాన్నల మందులు, గర్భిణి అయిన భార్య, పసిపిల్లలు ఉన్న ఇంట్లో ఆ ఖాళీ ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. రిలీవింగ్ తేదీ, జాయినింగ్ తేదీ వెంటవెంటనే పడేలా రెండు హెచ్‌ఆర్‌లకూ ఒకే మెయిల్‌లో రాసి అడిగితే, ఎక్కువ సందర్భాల్లో వాళ్లు సర్దుతారు.